90 చుట్లు, 32 అడుగులు: గంగావతికి రాసిన ఒక మెయిల్

మిర్యాలగూడలో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. రైస్ మిల్లులకు ఎలివేటర్లు, కన్వేయర్లు, తవుడు గొట్టాలు చేసి ఇస్తాం. లేతు పని మా బావగారిది. కొలతలు, కొటేషన్లు, బాకీల వసూళ్లు నావి. ఊరి చుట్టూ ఇన్ని మిల్లులుండగా బయటి గిరాకీ కోసం తిరగడం దేనికని చాలామంది అడుగుతారు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు సరిగా రాని ఏడాది మా మిల్లర్లు కొత్త బోల్టు కూడా కొనరు. అది రెండుసార్లు అనుభవించాక హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగే యంత్రాల ప్రదర్శనలో చిన్న స్టాలు తీసుకోవడం మొదలుపెట్టాం.

మొదటి ఏడాది మూడు రోజుల్లో 74 విజిటింగ్ కార్డులు పోగయ్యాయి. ఇంటికి వచ్చి, వారం తర్వాత తీరిక చేసుకుని, అందరికీ ఒకే మెయిల్ పంపాను. ప్రదర్శనలో మిమ్మల్ని కలవడం ఆనందంగా ఉంది, మా ఉత్పత్తుల వివరాలు జత చేశాం, మీ విలువైన ఆర్డరు కోసం ఎదురుచూస్తాం. జత చేసిన కేటలాగు 14 ఎంబీ. కొన్ని మెయిళ్లు అసలు చేరకుండానే వెనక్కి వచ్చాయి. జవాబు ఒక్కటే వచ్చింది. అందులో ఒకటే ప్రశ్న: "మీరెవరు?"

ఆ ప్రశ్న అడిగిన పెద్దమనిషి మా స్టాలులో ఇరవై నిమిషాలు నిలబడి, రెండు టీలు తాగి, తన మిల్లు కష్టాలన్నీ చెప్పుకున్నారు. ఆయన నన్ను మరిచిపోయారని మొదట కోపం వచ్చింది. తర్వాత ఆయన కార్డు చేతిలోకి తీసుకుని, ఆయన చెప్పిన కష్టాలేమిటో గుర్తు తెచ్చుకోబోయాను. ఒక్కటీ రాలేదు. ఇద్దరం సమానమే అయినప్పుడు ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది?

మరుసటి ఏడాది రెండు వందల పేజీల గీతల నోటు పుస్తకం, ఒక స్టేప్లర్ పట్టుకుని వెళ్లాను. ఒక మనిషికి ఒక పేజీ. కార్డు పేజీ మూలన కుట్టేయాలి. మనిషి స్టాలు దాటగానే, ఇంకొకరితో మాట్లాడకముందే, ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే రాయాలి. నాకు తోచిన కారణం ఏదైనా ఉంటే దాని ముందు 'ఊ' అని వేసి, చుట్టూ గుండ్రంగా గీయాలి. ఊ అంటే నా ఊహ. ఈ తేడా పెట్టుకోకపోతే సాయంత్రానికి ఆయన చెప్పింది ఏదో, నేను అనుకున్నది ఏదో కలిసిపోతాయి. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా రాసుకోవడం కూడా చేసి చూశాను. కలం చూడగానే వాళ్లు మాటలు తూచి మాట్లాడతారు. అంకెలు మాత్రం అప్పుడే రాసుకోవాలి, "ఒక్క నిమిషమండీ, ఈ లెక్క రాసుకుంటాను" అని చెప్పి. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు; పైగా ఆ లెక్కను వాళ్లే మరోసారి సరిచూసి చెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాలు ఖాళీగా ఉన్నప్పుడు గంగావతి నుంచి ఒక మిల్లు యజమాని వచ్చారు. వయసు అరవై దాటి ఉంటుంది. కర్ణాటకలో తుంగభద్ర కాలువ కింద వ్యవసాయానికి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల క్యాంపులు చాలా ఉన్నాయి. ఈయనది అలాంటి కుటుంబం. మా స్టాలులో నమూనాగా పెట్టిన ఎలివేటర్ బకెట్టును తిప్పి చూస్తూ, "బాబూ, ఈ డబ్బాలు బియ్యాన్ని విరగ్గొట్టవని రాసిస్తావా?" అన్నారు. రాసివ్వలేనన్నాను. అప్పుడు కూర్చున్నారు.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఉన్నది ఇది:

"రెండో పాలిషర్ దాటాక ఎక్కే ఎలివేటర్. కింద పడేచోట వంద గ్రాములు తీస్తే ఆరు గ్రాముల నూక. పైన దిగేచోట తీస్తే ఎనిమిది." "మొదట బాగానే ఉండేది. పాలిషర్ పెద్దది వేశాక ఎలివేటర్ అందుకోలేకపోయింది. మోటారు పుల్లీ మార్చి స్పీడు పెంచాం. ఇప్పుడు నిమిషానికి 90." "పై పుల్లీ 16 అంగుళాలు. బకెట్టుకూ బకెట్టుకూ అడుగు." "ఎత్తు 32. షెడ్డు లేపడం కుదరదు." "సంక్రాంతి దాకా మిల్లు ఆపను." "కొనుగోళ్లు తమ్ముడు చూస్తాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. కన్నడ బడి. ఇంగ్లీషులో పంపు." "బిగించేది మా బిహార్ మిస్త్రీ."

దాని కింద, గుండ్రంలో: ఊ. స్పీడే కారణం. కొత్త ఎలివేటర్ అక్కర్లేకపోవచ్చు.

ఇంకో రెండు విషయాలు కూడా ఆయన చెప్పారు. ఇప్పటి ఎలివేటర్ చేసిన వాళ్ల గురించి కాస్త ఘాటుగా మాట్లాడారు. అన్నదమ్ముల మధ్య ఏదో లెక్కల తకరారు గురించి కూడా ఒక మాట జారారు. అవి పేజీలో రాయలేదు. రాస్తే మెయిల్లోకి వస్తాయేమోనని భయం.

నూక సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. బకెట్ ఎలివేటర్‌లో బెల్టుకు బిగించిన బకెట్లు కింద గింజను తోడుకుని పైకి వెళతాయి. పై పుల్లీ మీద తిరిగేటప్పుడు ఆ విసురుకు గింజ ఎదుటి గొట్టంలోకి పడుతుంది. ఆ విసురుకు ఒక హద్దుంది. పుల్లీ 16 అంగుళాలది అయితే బకెట్టు ముందుకు పొడుచుకొచ్చిన మేరను కూడా కలుపుకుని లెక్క వేస్తే నిమిషానికి 60 చుట్ల దగ్గర గింజ సాఫీగా దిగుతుంది. 90లో తిప్పితే గింజ ఇంకా పైకి చేరకముందే బకెట్టులోంచి లేచి, తలమీది రేకుకు కొట్టుకుంటుంది. కొంత విరుగుతుంది. కొంత తిరిగి కిందికి జారి, మళ్లీ తోడబడి, మళ్లీ రేకుకు తగులుతుంది. వడ్లకైతే పొట్టు ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటాయి. పాలిష్ అయిన పచ్చిబియ్యం, అందులోనూ సోనా మసూరి వంటి సన్నరకం, ఓర్చుకోదు. ఎలివేటర్ అడుగున చెవి పెడితే గింజలు రాలుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఖాళీగా దిగాల్సిన గొట్టంలో వాన కురిసినట్టుంటుంది.

మరి స్పీడు తగ్గిస్తే సరుకు తగ్గదా? తగ్గుతుంది, మూడింట రెండు వంతులకు. ఆ లోటు పూడ్చాలంటే బకెట్లను దగ్గరగా బిగించాలి. 12 అంగుళాల దూరంలో ఉన్నవాటిని 8 అంగుళాలకు తెస్తే 90లో ఎత్తినంత సరుకునే 60లో ఎత్తుతాయి. కాబట్టి ఆయనకు కావలసింది కొత్త బెల్టు, ఎక్కువ బకెట్లు, మోటారుకు పాత సైజు పుల్లీ. మొత్తం ఎలివేటర్ అమ్మితే వచ్చే డబ్బుతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. బావగారు ఆ సంగతి మరీ మరీ గుర్తు చేశారు.

ప్రదర్శన ముగిసిన రాత్రే ఎల్బీ నగర్‌లో బస్సెక్కి, నార్కట్‌పల్లి దాకా నోటు పుస్తకం తిరగేశాను. 40 పేజీలు నిండాయి. అందులో నిజంగా రాయదగినవి 11. మిగతావాళ్లు చెప్పినదాంట్లో రాసుకోదగ్గ మాట ఒక్కటీ లేదు, కేటలాగు అడిగి వెళ్లారు. వాళ్లకు రెండు వరుసల్లో కేటలాగు లంకె పంపితే చాలు. ఆ పదకొండు మందికి తెల్లవారి కూర్చుని ఒక్కొక్కటిగా రాశాను. గంగావతి మెయిల్‌కు గంటన్నర పట్టింది. ఇంగ్లీషులో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

విషయం దగ్గర: రెండో పాలిషర్ తర్వాతి ఎలివేటర్‌లో నూక: 6 నుంచి 8 గ్రాములు

"నమస్కారం. శనివారం మధ్యాహ్నం హైటెక్స్‌లో మా స్టాలు దగ్గర మీరు చెప్పిన విషయాలు నేను సరిగా విన్నానో లేదో చూసుకోవడానికి ఇది రాస్తున్నాను.

రెండో పాలిషర్ నుంచి సరుకు ఎక్కే ఎలివేటర్‌లో, వంద గ్రాములకు నూక అడుగున 6 గ్రాములు, పైన 8 గ్రాములు ఉంటోందన్నారు. పాలిషర్ మార్చాక పై పుల్లీ వేగాన్ని నిమిషానికి 90కి పెంచారు. పుల్లీ 16 అంగుళాలు, బకెట్ల మధ్య 12 అంగుళాలు, రెండు పుల్లీల మధ్య ఎత్తు 32 అడుగులు. షెడ్డు ఎత్తు పెంచడం కుదరదు. సంక్రాంతి దాకా మిల్లు ఆపరు.

ఇవి నిజమైతే, మా అంచనా ప్రకారం వేగమే కారణం. 60కి తగ్గించి, బకెట్లను 8 అంగుళాల దూరంలో బిగిస్తే సరుకు తగ్గదు. కొత్త ఎలివేటర్ అవసరం ఉండకపోవచ్చు. 32 అడుగులకు సుమారు 102 బకెట్లు, 68 అడుగుల బెల్టు కావాలి, అతుకు కోసం అదనంగా కొంత. చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పలేను. అడుగున బకెట్లు రేకుకు రాసుకుంటున్నా నూక వస్తుంది. అది వేగం తగ్గించినా పోదు.

మీ దగ్గర నుంచి ఇప్పుడు కావలసింది ఒకటే: పై అంకెల్లో తప్పు ఉంటే దిద్ది పంపండి. మిల్లు నడుస్తున్న రోజులు కాబట్టి సంక్రాంతి అయ్యేదాకా నేను ఫోన్ చేయను. బిగింపు మీ మిస్త్రీ చేస్తారన్నారు కాబట్టి ఆయన కోసం కొలతలతో బొమ్మ గీసి ఇస్తాం."

కింద నా పేరు, ఫోను, ఊరు, స్టాలు ముందు నేను నిలబడి ఉన్న చిన్న ఫొటో. జత చేసింది ఆ ఫొటో ఒక్కటే. మూడు రోజుల్లో వంద స్టాళ్లు చూసిన మనిషికి నా పేరు కంటే నా మొహం, పక్కన ఉన్న బకెట్టు ముందుగా గుర్తొస్తాయి.

బావగారు చదివి పెదవి విరిచారు. "ఆయన చెప్పినవి ఆయనకే తిరిగి చెబుతావెందుకు? ఆయనకు తెలియదా?" ఆయనకు తెలుసు. కానీ ఈ మెయిల్ చదివేది ఆయన కాకపోవచ్చు. కొనుగోళ్లు చూసే తమ్ముడు మా స్టాలుకు రాలేదు. అన్నగారు ఒక్క నొక్కుతో పంపిస్తే, ఎక్కడి ఎలివేటర్, ఏమిటి గొడవ అని ఇంకెవరినీ అడగకుండా ఆ తమ్ముడికి అర్థం కావాలి. పాత ఎలివేటర్ చేసిన వాళ్ల మీద ఆయన కోపాన్ని వదిలేసిందీ అందుకే. స్టాలులో నోటితో అన్నమాట గాలిలో పోతుంది. కాగితం మీదికి వస్తే అది ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేం. ఆ పాత ఎలివేటర్‌ను ఆ తమ్ముడే కొని ఉంటే? (తర్వాత తెలిసింది, నిజంగానే ఆయనే కొన్నారు.)

ఆ పదకొండింట్లో ఒక మెయిల్‌లో నేను పరువు పోగొట్టుకున్నాను కూడా. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకాయన కార్డును పక్క పేజీకి కుట్టాను. ఆ పేజీలో ఉన్నది ఒక పప్పు మిల్లు దుమ్ము సమస్య. "మీ కందిపప్పు మిల్లులో దుమ్ము గురించి మీరన్నది ఆలోచించాను" అని ఎంతో ఆప్యాయంగా రాశాను. "నాకు పప్పు మిల్లు లేదు. మీరు ఇంకెవరి సంగతో నాకు చెబుతున్నారు" అని జవాబు. క్షమాపణ రాశాను, దానికి బదులు రాలేదు. నేను దిగులుపడింది ఆ గిరాకీ పోయినందుకు కాదు. ఒకరి మిల్లు సంగతులు ఇంకొకరికి చేరవేసే మనిషినని ఆయనకు తెలిసింది. ఇప్పుడు పేజీ పైన మొదట రాసేది ఊరు, సరుకు. ఆ తర్వాతే కార్డు కుడతాను.

గంగావతి నుంచి ఆరో రోజు జవాబు వచ్చింది. తమ్ముడు రాశారు, నాలుగు వరుసలు. మూడో వరుసలో ఉంది అసలు సంగతి: "32 అడుగులు గుంత అడుగు నుంచి పైకప్పు రేకు దాకా. పుల్లీ నుంచి పుల్లీకి 28."

నోటు పుస్తకం తీసి చూశాను. ఆయన "ఎత్తు 32" అన్నారు, నేనూ అంతే రాసుకున్నాను. 'రెండు పుల్లీల మధ్య' అన్నది మెయిల్ రాసేటప్పుడు నేను చేర్చిన ముక్క. ఊహలను విడిగా గుండ్రం చుట్టాలని నాకు నేనే పెట్టుకున్న నియమం, మిల్లుల్లో ఎత్తు అంటే పుల్లీల మధ్యదే కదా అన్న అలవాటు ముందు నిలవలేదు. మెయిల్‌లో ఆ అంకెను నేరుగా చెప్పకుండా "మీ ఎత్తుకు తగినట్టు చేస్తాం" అని మర్యాదగా రాసి ఉంటే, ఈ పొరపాటు బెల్టు కోశాక బయటపడేది. 28 అడుగులకు బెల్టు 60 అడుగులు చాలు, బకెట్లు 90. ఎనిమిది అడుగుల బెల్టు, డజను బకెట్లు మిగిలిపోయి షెడ్డులో పడి ఉండేవి. మిగలడం వరకైతే నష్టమే; తలకాయ భాగాన్ని కొత్తగా చేసి ఉంటే అది పైకప్పు లోపల పట్టేదే కాదు.

నాలుగో వరుసలో తమ్ముడు ఇంకో మాట రాశారు: బకెట్లు అడుగున రాసుకుంటున్నాయేమో చూడమని మిస్త్రీకి చెప్పాం, ఒకవైపు రాసుకుంటున్నాయి, బెల్టు పక్కకు నడుస్తోంది. అంటే నా గుండ్రంలోని ఊహ సగమే నిజం. ఆ రెండు గ్రాముల్లో కొంత వేగానిది, కొంత వంకర నడకది. మెయిల్‌లో ఆ ఒక్క వాక్యం, అడుగున రాసుకుంటే వేగం తగ్గించినా పోదన్నది, తీసేద్దామని బావగారు గట్టిగానే అన్నారు. చేతిలోని బేరాన్ని మనమే చెడగొట్టుకుంటున్నామని ఆయన బాధ. దాన్ని ఉంచినందువల్లే వాళ్లు గుంతలోకి దిగి చూశారు.

జవాబుకు జవాబు మూడు వరుసల్లో రాశాను: 28కి మారిన లెక్క, బెల్టును ముందు సరిచేసి మళ్లీ అడుగున, పైన ఒకేసారి నమూనా తీయమని, అప్పటికీ తేడా ఉంటేనే బకెట్ల గురించి మాట్లాడదామని. తర్వాత మాటిచ్చినట్టు ఊరుకున్నాను. ఊరుకోవడం చాలా కష్టమైంది. డిసెంబరు చివర రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. సంక్రాంతి దాకా ఫోన్ చేయనని నా చేత్తో నేనే రాసిచ్చాను కదా.

కనుమ మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. బెల్టు సరిచేశాక పైన ఏడున్నర వస్తోంది, అడుగున ఆరే, వచ్చి చూసి వెళ్లమన్నారు. వెళ్లాను. మిల్లు ఆగి ఉంది. ఆఫీసు గదిలో తవుడు వాసన, గోడ మీద కన్నడ క్యాలెండరు, బల్ల మీద గాజు పలక. ఆ పలక కింద నా మెయిల్ ముద్రించిన కాగితం ఉంది. 32 మీద పెన్సిల్‌తో కొట్టేసి పక్కన 28 అని వేశారు. "6 గ్రాములు, 8 గ్రాములు" కింద గీత, దాని పక్కన కొత్త తేదీ, 6, 7.5. మిస్త్రీ కోసం బొమ్మ గీసి ఇస్తామన్న వాక్యం దగ్గర మాత్రం కన్నడలో ఏదో రాసి, ప్రశ్న గుర్తు పెట్టారు.

అదేమిటని అడిగాను. తమ్ముడు నవ్వి చదివి వినిపించారు: "మిస్త్రీకి బొమ్మలు చదవడం రాదు. మనిషిని పంపుతారా?"

సంచి కింద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని, గుంత ఎటువైపని అడిగాను.